వెరికోస్ వెయిన్స్ స్కాన్‌లో కనిపించే ఆ సెకన్లు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

కాళ్ళ మీద ఉబ్బిన సిరలకు డాప్లర్ చేయించుకుని రిపోర్టు చేతికి రాగానే చాలామంది చూపు ముందు ఒక అంకె మీద పడుతుంది. "రిఫ్లక్స్ 2.8 సెకన్లు" అని ఉంటుంది. రిఫ్లక్స్ అంటే సిరలో పైకి వెళ్ళాల్సిన రక్తం వెనక్కి జారడం. తెలిసినవాళ్ళెవరికో 1.2 వచ్చిందని గుర్తొస్తే, మన కాలు అంతకు రెండింతలు చెడిపోయిందేమోనని టెన్షన్ మొదలవుతుంది. ఆ అంకెను అలా చదవకూడదు. అది ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది: ఈ సిరలోని కవాటం సకాలంలో మూసుకుంటోందా, లేదా? జబ్బు ఎంత ముదిరిందో, ఏ చికిత్స చేయాలో, అసలు చేయాలో వద్దో తేల్చే సమాచారం అదే రిపోర్టులో వేరే చోట ఉంటుంది.

ముందు కాలిలో రక్తం నడిచే దారి చూద్దాం. కండరాల మధ్య లోతుగా ఉండే పెద్ద సిరలు రక్తాన్ని గుండెవైపు తీసుకెళ్తాయి. చర్మానికి దగ్గరగా పైపై సిరలు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు. లోపలి చీలమండ దగ్గర మొదలై కాలి లోపలివైపు నుంచి గజ్జ దాకా పాకేది గ్రేట్ సఫీనస్ వెయిన్. రిపోర్టుల్లో దీన్ని జీఎస్‌వీ అంటారు. పిక్క వెనక నుంచి మోకాలి మడత వైపు వెళ్ళేది స్మాల్ సఫీనస్ వెయిన్. జీఎస్‌వీ గజ్జ దగ్గర లోతు సిరలో కలుస్తుంది. ఆ కలిసే చోటే సఫీనో-ఫెమోరల్ జంక్షన్. ఈ పైపై సిరలనూ లోతు సిరలనూ మధ్యమధ్యలో కలిపే చిన్న సిరలను పర్ఫొరేటర్లు అంటారు.

నడిచినప్పుడు పిక్క కండరం బిగుసుకుని రక్తాన్ని పైకి తోస్తుంది, వదులైనప్పుడు ఆ రక్తం కిందికి జారకుండా కవాటాలు ఆపుతాయి. బావిలో దించిన మోటారు పైపుకు ఫుట్‌వాల్వ్ చేసే పనే ఇది. వాల్వ్ లీకైతే మోటారు ఆపగానే పైపులోని నీళ్ళు వెనక్కి జారిపోతాయి. కాలిలోనూ అంతే. కండరం పైకి తోసినది వదలగానే వెనక్కి దిగుతుంది. చీలమండ దగ్గర ఒత్తిడి తగ్గదు. సాయంత్రానికి వాపు, బరువు వస్తాయి. ఏళ్ళు గడిస్తే చర్మం నల్లబడుతుంది, కొందరికి పుండు పడుతుంది.

ఈ వెనక్కి జారడాన్ని కళ్ళతో చూసే పరీక్షే డూప్లెక్స్ స్కాన్. మామూలు అల్ట్రాసౌండ్ బొమ్మ సిర ఎక్కడుందో, ఎంత లావుందో చూపిస్తుంది. దానికి తోడైన డాప్లర్ రక్తం ఏ దిశలో, ఎంత వేగంతో పోతోందో చూపిస్తుంది. రెండూ కలిసి ఉండబట్టే డూప్లెక్స్ అన్నారు.

పరీక్ష విలువంతా దాన్ని ఎలా చేశారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆ పద్ధతిని కొంచెం నిదానంగా చెప్తాను. రిఫ్లక్స్ చూడాలంటే మనిషిని నిలబెట్టాలి. పరీక్షించే కాలిని మోకాలి దగ్గర కాస్త వంచి, పాదం బయటికి తిప్పి, శరీర బరువంతా రెండో కాలి మీద వేయమంటారు. అప్పుడు పరీక్షించే కాలి కండరాలు వదులుగా ఉంటాయి, సిరలు నిండి ఉంటాయి. సోనోగ్రాఫర్ ప్రోబును సిర మీద పొడవు దిశలో ఉంచి, రెండో చేత్తో పిక్కను గట్టిగా పిండి ఒక్కసారిగా వదిలేస్తారు. ఈ పనికి గాలితో బిగుసుకుని చటుక్కున వదులయ్యే కఫ్ వాడితే ప్రతిసారీ ఒకేలా ఉంటుంది.

తెర మీద ఏం జరుగుతుందో చూడండి. పిండినప్పుడు రక్తం పైకి ఎగసి గీతకు ఒక పక్క పెద్ద శిఖరం వస్తుంది. వదలగానే రక్తం కిందికి రావాలని చూస్తుంది. ఆరోగ్యంగా ఉన్న సిరలోనూ గీత రెండో పక్కకు చిన్నగా ఒకసారి కదులుతుంది. ఎందుకంటే వెనక్కి వచ్చే ఆ కొద్ది రక్తమే కవాటం రెక్కలను తోసి మూయిస్తుంది. ఆ తర్వాత గీత నిశ్చలం. ఈ చిన్న కదలిక ఎంతసేపు ఉందో అదే కవాటం మూసుకోవడానికి పట్టిన సమయం. కవాటం పాడైతే ఆ కదలిక ఆగకుండా సాగుతుంది. రెండు చివర్లా గుర్తులు పెట్టి దాన్ని సెకన్లలో కొలుస్తారు.

ఎంత దాటితే జబ్బు అనాలి? పైపై సిరల్లో అర సెకను, అంటే 0.5. తొడలోని ఫెమోరల్, మోకాలి వెనకున్న పాప్లిటియల్ లోతు సిరల్లో 1 సెకను. 2003లో నికోస్ లాబ్రోపౌలోస్ బృందం ఆరోగ్యవంతుల కాళ్ళనూ జబ్బున్నవాళ్ళ కాళ్ళనూ పోల్చి ఈ హద్దులను సూచించింది. పర్ఫొరేటర్లకు ఆ బృందం 0.35 సెకను అని చెప్పింది. తర్వాత వచ్చిన అమెరికా మార్గదర్శకాల్లో చికిత్స అవసరమైన పర్ఫొరేటరుకు 0.5 అని పెట్టారు. తొడలోని లోతు సిర లావైనది, అందులో కవాటాలు తక్కువ. అవి మూసుకునేలోపు కాస్త ఎక్కువ రక్తం వెనక్కి రావడం సహజం. అందుకే దానికి రెట్టింపు గడువు. ఈ తేడా తెలియకపోతే పాప్లిటియల్ సిరలో 0.7 సెకను చూసి, "లోపలి సిరలు కూడా పాడయ్యాయట" అని ఇంట్లో అనవసరంగా బెంగ పడతారు. అది మామూలే.

ఇక ఆ అంకె తీవ్రతకు కొలత ఎందుకు కాదో చూద్దాం. వెనక్కి జారడం రెండు కారణాల్లో ఏదో ఒకదానితో ఆగుతుంది. కవాటం మూసుకునైనా ఆగాలి, లేదా కింద పిక్కలో ఖాళీ నిండిపోయి ఇక పట్టే చోటు లేక ఆగాలి. కవాటం పూర్తిగా పాడైన సిరలో మనం కొలిచేది రెండోదాన్నే. సిర లావుగా ఉండి రక్తం జోరుగా దిగితే కింది ఖాళీ త్వరగా నిండుతుంది, సమయం తక్కువ వస్తుంది. సిర సన్నగా ఉండి సన్నని ధారలా కారితే సమయం ఎక్కువ వస్తుంది.

లెక్క వేసి చూస్తే ఇంకా స్పష్టం. 7 మిల్లీమీటర్ల సిరలో సగటున సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో 1.5 సెకన్లు వెనక్కి జారితే, సుమారు 11.5 మిల్లీలీటర్ల రక్తం దిగుతుంది. 3 మిల్లీమీటర్ల సిరలో సెకనుకు 4 సెంటీమీటర్ల వేగంతో 4 సెకన్లు జారినా దిగేది 1 మిల్లీలీటరుకు కొంచెం పైన. సెకన్లను మాత్రమే చూసేవాళ్ళకు రెండో కాలే ఎక్కువ చెడిపోయినట్టు కనిపిస్తుంది. కాలికి భారమయ్యేది మొదటిది. అందుకే మంచి రిపోర్టులో సెకన్లతో పాటు సిర వ్యాసం తప్పకుండా ఉంటుంది. జంక్షన్‌కు కొన్ని సెంటీమీటర్లు కింద, తొడ మధ్యలో, మోకాలి దగ్గర విడివిడిగా కొలిచి రాస్తారు. సరిగ్గా జంక్షన్ దగ్గర సిర కాస్త ఉబ్బి ఉండవచ్చు కాబట్టి అక్కడి ఒక్క కొలతను నమ్ముకోరు.

పరీక్ష తప్పుదారి పట్టే చోట్లు కూడా తెలుసుకోవాలి. అన్నిటికన్నా పెద్దది పడుకోబెట్టి చేయడం. కాళ్ళ డాప్లర్ అనగానే లోతు సిరల్లో గడ్డ ఉందా అని చూసే పరీక్ష చేసి పంపడం తరచుగా జరుగుతుంది. అది పడుకోబెట్టి చేయవచ్చు. రిఫ్లక్స్‌కు అది పనికిరాదు. పడుకున్నప్పుడు రక్తాన్ని కిందికి లాగే భూమ్యాకర్షణ లేదు, కవాటాన్ని మూయించే జోరూ లేదు. దాంతో ఉన్న లోపం దొరకకపోవచ్చు, లేని లోపం ఉన్నట్టూ కనిపించవచ్చు. పూర్తిగా నిలబడలేనివాళ్ళకు బల్లను తలవైపు బాగా ఎత్తి చేస్తారు. ఎక్కువసేపు నిలబడితే కళ్ళు తిరిగేవాళ్ళు ముందే చెప్పడం మంచిది.

రెండోది పిండటంలో లోపం. పిక్కను మెల్లగా నొక్కి మెల్లగా వదిలితే పైకి వెళ్ళిన రక్తమే తక్కువ, ఇక వెనక్కి రావడానికి ఏముంటుంది? తెరమీద పైకి వెళ్ళే శిఖరం స్పష్టంగా లేకుండా "రిఫ్లక్స్ లేదు" అని రాస్తే ఆ మాటకు బలం లేదు. గజ్జ దగ్గర ఊపిరి బిగబట్టి పొట్ట బిగించమని చెప్పి కూడా చూస్తారు. అది జంక్షన్ వరకు బాగా పనిచేస్తుంది. అయితే పైన ఒక్క మంచి కవాటం ఉన్నా ఆ ఒత్తిడి కిందికి రాదు, కాబట్టి మోకాలి కింద ఏముందో దాంతో తెలియదు. అక్కడ చేత్తో పిండాల్సిందే. మరో మాట, ఉదయం బాగున్న సిర రోజంతా నిలబడ్డాక సాయంత్రం లీకవడం కొందరిలో ఉంటుంది. లక్షణాలు గట్టిగా ఉండి పొద్దున్నే చేసిన స్కాన్ మామూలుగా వస్తే, సాయంత్రం మళ్ళీ చేయమని అడగడంలో తప్పు లేదు.

ఇప్పుడు ఒక రిపోర్టును ఊహించుకుని దాని నుంచి చికిత్స ఎలా వస్తుందో చూద్దాం. 48 ఏళ్ళ మహిళ. టిఫిన్ సెంటర్‌లో పెనం ముందు రోజంతా నిలబడే పని. కుడికాలి పిక్క లోపలివైపు మెలికలు తిరిగిన సిరలు, సాయంత్రం వాపు, చీలమండ పైన చర్మం గోధుమరంగులోకి మారింది. ఎడమకాలికి ఏ బాధా లేదు, ఎలాగూ వచ్చాం కదా అని చూపించుకుంది.

కుడికాలి రిపోర్టులో ముందుగా చదవాల్సింది లోతు సిరల గురించిన వాక్యం. ప్రోబుతో నొక్కితే సిరలు పూర్తిగా మూసుకుంటున్నాయి, అంటే గడ్డ లేదు. గజ్జ దగ్గర ప్రవాహం ఊపిరితో పాటు పెరిగి తగ్గుతోంది, అంటే పైన పొత్తికడుపులో అడ్డు ఉన్నట్టు సూచన లేదు. గజ్జలోని కామన్ ఫెమోరల్ సిరలో 1.2 సెకన్లు రిఫ్లక్స్, పాప్లిటియల్‌లో 0.7. పైపై సిరల్లో జంక్షన్ దగ్గర 2.8 సెకన్లు. జీఎస్‌వీ తొడ పైభాగంలో 7.2, తొడ మధ్యలో 6.1, మోకాలి దగ్గర 5.4 మిల్లీమీటర్లు, అంతటా రిఫ్లక్స్. మోకాలికి కాస్త కింద ఒక కొమ్మ విడిపోయి అదే చర్మం కింద మెలికలుగా ఉబ్బింది. ఆ కొమ్మ దాటాక జీఎస్‌వీ 2.6 మిల్లీమీటర్లే, రిఫ్లక్స్ లేదు. స్మాల్ సఫీనస్ 0.3 సెకను, బాగుంది. పిక్కలో ఒక పర్ఫొరేటర్ 2.9 మిల్లీమీటర్లు, 0.4 సెకను.

ఇందులో డాక్టర్ వెతికేది ఒక దారిని: రక్తం ఎక్కడ తప్పించుకుంటోంది, ఏ సిర వెంబడి కిందికి దిగుతోంది, ఎక్కడ బయటపడుతోంది. ఇక్కడ తప్పించుకునేది గజ్జ జంక్షన్ దగ్గర. దిగేది తొడలోని జీఎస్‌వీ గుండా. బయటపడేది మోకాలి కింది కొమ్మలోంచి. కంటికి కనిపించే మెలికలు ఆ దారికి చిట్టచివర. అందుకే చివరి మెలికలకు మాత్రమే ఇంజెక్షన్ వేసి పంపితే, పైనుంచి దిగే రక్తం ఇంకో కొమ్మను వెతుక్కునే అవకాశం ఎక్కువ.

ఈ దారి తెలిశాక చికిత్స దాదాపు తనంతట తానే తేలుతుంది. జీఎస్‌వీని లోపలి నుంచి వేడితో మూసేయాలి. దీనికి లేజర్ గానీ రేడియోఫ్రీక్వెన్సీ గానీ వాడతారు. మోకాలి దగ్గర సూదితో సిరలోకి ప్రవేశించి, సన్నని కాథెటర్‌ను స్కాన్ చూస్తూ గజ్జ వరకు పంపి, కొనను జంక్షన్‌కు సుమారు 2 నుంచి 2.5 సెంటీమీటర్లు కిందే ఆపుతారు. లోతు సిర గోడకు వేడి తగలకూడదు కాబట్టి ఆ దూరం. సిర చుట్టూ మత్తుమందు కలిపిన సెలైన్ నింపుతారు. అది నొప్పి తెలియకుండా చేయడమే కాక, సిరను నొక్కి కాథెటర్‌కు అతుక్కునేలా చేస్తుంది, చర్మాన్నీ నరాలనూ వేడి నుంచి దూరంగా ఉంచుతుంది. రేడియోఫ్రీక్వెన్సీలో సాధారణంగా 7 సెంటీమీటర్ల ముక్కను 120 డిగ్రీల దగ్గర 20 సెకన్లు వేడిచేసి, కిందికి జరుపుతూ పోతారు.

ఎక్కడిదాకా మూయాలన్నదీ స్కానే చెప్పింది. రిఫ్లక్స్ మోకాలి కింది కొమ్మ దగ్గర ఆగింది. అక్కడి నుంచి చీలమండ దాకా ఉన్న సిర బాగుంది. పైగా మోకాలి కింద జీఎస్‌వీని అంటిపెట్టుకుని సఫీనస్ నరం వెళ్తుంది, వేడి తగిలితే చర్మానికి తిమ్మిరి వస్తుంది. బాగున్న సిరను మూసి తిమ్మిరి కొనితెచ్చుకోవడం ఎందుకు? కింది భాగం రేపెప్పుడైనా గుండె బైపాస్‌కు కూడా పనికొస్తుంది. మెలికల కొమ్మలను అదే రోజు చిన్న గాట్లలోంచి తీసేయవచ్చు, లేదా తర్వాత సిరను మూసే నురగ మందు ఎక్కించవచ్చు.

మిగిలిన అంకెల సంగతి? పర్ఫొరేటర్‌ను ముట్టుకోనవసరం లేదు. అమెరికా మార్గదర్శకాల ప్రకారం చికిత్స చేయాల్సిన పర్ఫొరేటర్ అంటే 3.5 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉండాలి, 0.5 సెకనుకు తగ్గకుండా బయటికి లీకవ్వాలి, మానిన లేదా మానని పుండు అడుగున ఉండాలి. ఈవిడకు మూడూ లేవు. రిపోర్టులో "పర్ఫొరేటర్లు" అన్న మాట చూపించి అన్నిటికీ లేజర్ వేయాలంటే, ఎంత వ్యాసం, ఎన్ని సెకన్లు, పుండు ఎక్కడ అని అడగాలి.

కామన్ ఫెమోరల్‌లో 1.2 సెకన్లు మొదట భయపెడుతుంది. అయితే జీఎస్‌వీ కిందికి గుంజుతున్న రక్తం వచ్చేది ఆ లోతు సిర నుంచే. అంటే లోతు సిరలో కనిపించిన ఆ వెనక ప్రవాహంలో చాలావరకు పైపై సిర లీకు ప్రతిబింబమే కావచ్చు. ఇలా జంక్షన్ చుట్టూ కొద్ది భాగానికే పరిమితమైన లోతు రిఫ్లక్స్, జీఎస్‌వీని మూశాక చాలామందిలో తగ్గిపోతుంది. తొడ నుంచి పిక్క దాకా లోతు సిరలన్నీ లీకవుతుంటే కథ వేరు. అప్పుడు పైపై సిరను మూసినా ఫలితం పరిమితమేనని ముందే చెప్పాలి, కాలిని బిగించి ఉంచే మేజోళ్ళు చాలాకాలం తప్పవు.

ఎడమకాలిలో జంక్షన్ దగ్గర 0.8 సెకను, సిర 3.4 మిల్లీమీటర్లు. అర సెకను దాటింది కాబట్టి నిర్వచనం ప్రకారం రిఫ్లక్స్ ఉంది. బాధ లేదు, వాపు లేదు, చర్మం మారలేదు, సిర సన్నగానే ఉంది. ఈ కాలికి ఇప్పుడు చేయాల్సింది ఏమీ లేదు. ఒకే ప్యాకేజీలో రెండు కాళ్ళూ చేసేద్దామన్న మాట వినిపిస్తుంది, నాకు మాత్రం అది సరికాదనిపిస్తుంది. బాధ లేని కాలిలో మూసిన సిర వల్ల రోగికి దక్కేది ఏమిటో ఎవరైనా చెప్పగలగాలి.

ఇవే అంకెలు వేరే పరిస్థితిలో వేరే నిర్ణయానికి దారితీస్తాయి. ఈవిడకు చీలమండ దగ్గర మానని పుండు ఉండి ఉంటే తొందర పడాల్సిందే. ఒకప్పుడు ముందు కట్టు కట్టి పుండు మానాకే సిర సంగతి చూసేవారు. 2018లో వెలువడిన ఎవ్రా అనే బ్రిటన్ క్లినికల్ ట్రయల్‌లో 450 మంది రోగులను రెండు గుంపులు చేశారు. కట్టుతో పాటు త్వరగా సిరను మూసినవాళ్ళకు పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు, ఆలస్యం చేసినవాళ్ళకు 82 రోజులు పట్టింది. ఇక లోతు సిరలో పాత గడ్డ వల్ల అడ్డు ఉండి, గజ్జ దగ్గర ప్రవాహం ఊపిరితో మారకుండా ఒకే తీరుగా సాగుతుంటే ఆగి ఆలోచించాలి. అప్పుడు ఉబ్బిన పైపై సిరే రక్తం పైకి వెళ్ళే పక్కదారి కావచ్చు. పై అడ్డు సంగతి చూడకుండా దాన్ని మూస్తే ఉన్న దారి పోతుంది.

చికిత్స పద్ధతుల వరుస కూడా తేలిపోయిన విషయమే. 2013లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం ముందు వేడితో మూయడం, అది కుదరకపోతే నురగ, అదీ కుదరకపోతే ఆపరేషన్. కుదరకపోవడం అంటే ఏమిటో చెప్పేదీ స్కానే. సిర బాగా మెలికలు తిరిగి కాథెటర్ వెళ్ళే దారి లేకపోతే నురగే మేలు. సిర చర్మానికి అంటుకుని ఉంటే సెలైన్‌తో దాన్ని లోపలికి నెట్టగలమా అని చూస్తారు. పిక్క వెనక స్మాల్ సఫీనస్ సిర లీకైతే సురల్ నరం పక్కనే ఉంటుంది కనుక ఎక్కడ సూది గుచ్చాలో జాగ్రత్తగా ఎంచుకుంటారు. ఆ సిర లోతు సిరలో కలిసే చోటు మనిషి మనిషికీ మారుతుంది, కాబట్టి చికిత్సకు ముందు చర్మం మీద గుర్తు పెట్టుకుంటారు.

మూసిన తర్వాత కొన్ని రోజుల్లో చాలాచోట్ల ఇంకోసారి స్కాన్ చేస్తారు. అందులో చూసేది ప్రధానంగా రెండు. మూసిన జీఎస్‌వీ నొక్కినా నలగకుండా, లోపల ప్రవాహం లేకుండా ఉండాలి. గజ్జ జంక్షన్ దగ్గర వేడి వల్ల ఏర్పడిన గడ్డ లోతు సిరలోకి పొడుచుకు రాకూడదు. కొద్దిగా వస్తే మళ్ళీ మళ్ళీ స్కాన్ చేస్తూ గమనిస్తారు, ఎక్కువగా వస్తే రక్తం పలుచన చేసే మందు కొంతకాలం ఇస్తారు. ఈలోగా ఒక్క కాలే అకస్మాత్తుగా బాగా వాచి పిక్క నొప్పిగా ఉన్నా, ఆయాసం లేదా ఛాతీ నొప్పి వచ్చినా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.